30°, 60° ఒకే చోట ఎందుకు పడలేదు? స్ప్రింగ్ లాంచర్ మీద ఒక కేస్ స్టడీ

సమతలం మీద ఒకే వేగంతో 30° కోణంలో విసిరినా 60° కోణంలో విసిరినా వస్తువు ఒకే దూరంలో పడుతుందని, 45° దగ్గర అన్నిటికంటే దూరం వెళ్తుందని ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చెబుతారు. అదే మాటను ల్యాబులో స్ప్రింగ్ లాంచర్‌తో చూపించబోతే రెండు గుర్తుల మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. రికార్డులో "ప్రయోగ దోషం" అని రాసి వదిలేయడం మామూలు. కానీ ఆ తేడా యాదృచ్ఛికం కాదు. ఎన్నిసార్లు కాల్చినా చిన్న కోణం గుర్తే ముందుంటుంది. ఎప్పుడూ ఒకే వైపు వచ్చే తేడాకు ఒక కారణం ఉండి తీరాలి. అలాంటి ఒక సందర్భంలో కారణాన్ని ఎలా పట్టుకోవాలో ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఇందులోని అంకెలు కింద చెప్పిన కొలతలున్న లాంచర్‌కు సూత్రాల నుంచి లెక్క కట్టినవి. మీ పరికరం కొలతలు వేరైతే అంకెలూ మారతాయి, కానీ పద్ధతి మారదు.

పరికరం

16 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు గోళీ, బరువు దాదాపు 17 గ్రాములు. దాన్ని తోసే స్ప్రింగ్ లాంచర్‌లో ప్లంజర్ 6 సెంటీమీటర్లు వెనక్కి వెళ్లి లాక్ అవుతుంది. లాంచర్‌ను సి-క్లాంపుతో బల్లకు బిగించాలి. గోళీ పడే చోట ప్లైవుడ్ పలక, దాని మీద తెల్ల కాగితం, పైన కార్బన్ పేపరు, కార్బన్ వైపు కిందికి ఉండేలా. కోణం చూడటానికి లాంచర్ పక్కనే కోణమానిని, దాని మధ్య నుంచి వేలాడే దారం, గుండు.

ముందుగా వేగం కావాలి. లాంచర్‌ను 0° దగ్గర, అంటే పూర్తిగా అడ్డంగా పెట్టి గోళీని బల్ల మీది నుంచి నేల మీదికి కాల్చాలి. గొట్టం మూతి దగ్గర గోళీ అడుగు భాగం నేలకు 78.4 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఆ ఎత్తు నుంచి పడటానికి పట్టే కాలం √(2 × 0.784 / 9.8) = 0.40 సెకన్లు. గోళీ 140 సెంటీమీటర్ల దూరంలో పడింది. కాబట్టి వేగం 1.40 / 0.40 = 3.5 మీటర్లు/సెకను. ఈ ఒక్క కొలత మీదే మిగతా అంచనాలన్నీ నిలబడతాయి. అది 0° దగ్గర తీసిన కొలత అన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

u²/g విలువ 12.25 / 9.8 = 1.25 మీటర్లు. ఇక R = (u²/g) sin 2θ అన్న సూత్రంతో రావలసిన దూరాలు ఒక పక్క, కాగితం మీద దొరికిన దూరాలు ఇంకో పక్క:

| కోణం | రావలసిన దూరం (సెం.మీ.) | వచ్చిన దూరం (సెం.మీ.) |
|---|---|---|
| 15° | 62.5 | 60.9 |
| 30° | 108.3 | 103.1 |
| 45° | 125.0 | 116.5 |
| 60° | 108.3 | 99.3 |
| 75° | 62.5 | 56.7 |

వచ్చిన దూరాలన్నీ తక్కువే. అంతకంటే ముఖ్యం, 30°, 60° జంటలో 3.8 సెంటీమీటర్ల తేడా, 15°, 75° జంటలో 4.2 సెంటీమీటర్ల తేడా ఉన్నాయి. రెండు జంటల్లోనూ చిన్న కోణానిదే పైచేయి.

అసలు ఎందుకు సమానం కావాలి

కారణం వెతికే ముందు, సమానం అవ్వాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో స్పష్టంగా ఉండాలి. ఏ షరతు చెడితే ఆ సమానత్వం పోతుందో అప్పుడే తెలుస్తుంది. sin(180° − 2θ) = sin 2θ అని రాసి ముగిస్తే జవాబు సరైనదే, కానీ అందులో గోళీ కనిపించదు.

గోళీ వేగాన్ని రెండు అంశాలుగా విడదీయండి. అడ్డంగా వెళ్లే అంశం u cos θ. పైకి వెళ్లే అంశం u sin θ. పైకి వెళ్లే అంశం చేసేది ఒకటే పని, గోళీ ఎంతసేపు గాల్లో ఉండాలో నిర్ణయించడం. ఆ కాలం 2u sin θ / g. అడ్డంగా వెళ్లే అంశం ఆ కాలమంతా మారకుండా గోళీని ముందుకు తీసుకెళ్తుంది. కాబట్టి పడే దూరం అంటే ఈ రెండు అంశాల లబ్ధాన్ని 2/g తో గుణించగా వచ్చేదే.

30° దగ్గర అడ్డం అంశం 3.03, నిలువు అంశం 1.75. 60° దగ్గర అడ్డం 1.75, నిలువు 3.03. రెండు అంకెలు చోట్లు మార్చుకున్నాయి, అంతే. మొదటి గోళీ వేగంగా ముందుకు పోతుంది కానీ 0.357 సెకన్లే గాల్లో ఉంటుంది. రెండోది నెమ్మదిగా ముందుకు పోతుంది కానీ 0.619 సెకన్లు గాల్లో ఉంటుంది. 3.03 × 0.357 ఎంతో 1.75 × 0.619 అంతే, 1.08 మీటర్లు. పూరక కోణాల్లో ఒకదాని సైన్ రెండోదాని కొసైన్ కావడమే ఈ మార్పిడికి మూలం. మార్గాలు మాత్రం వేరు. 30° గోళీ 15.6 సెంటీమీటర్ల ఎత్తుకే లేస్తుంది, 60° గోళీ 46.9 సెంటీమీటర్ల దాకా పోతుంది.

ఈ వివరణలో మూడు షరతులు దాగి ఉన్నాయి. ఒకటి, గోళీ బయలుదేరిన మట్టానికే తిరిగి చేరాలి. లేకపోతే గాల్లో ఉండే కాలం 2u sin θ / g కాదు. రెండు, రెండు కోణాలూ నిజంగా కలిసి 90° కావాలి. మూడు, రెండుసార్లూ u ఒకటే కావాలి. గాలి నిరోధం లేకపోవడం నాలుగోది. స్టీలు గోళీ విషయంలో దాన్ని పక్కన పెట్టవచ్చు. ఈ వేగంలో దాని మీద గాలి పెట్టే బలం దాని బరువులో అర శాతం కూడా ఉండదు. గోళీ బదులు టేబుల్ టెన్నిస్ బంతి పెడితే అదే బలం బరువులో ఆరో వంతు అవుతుంది, అప్పుడు ఈ లెక్కలేవీ నిలవవు. గోళీలు దొరకలేదని ప్లాస్టిక్ బంతితో సరిపెట్టడం ఈ ప్రయోగంలో చేయకూడని పని.

45° ఎక్కడి నుంచి వచ్చింది

గరిష్ఠ దూరానికి అవకలనం అవసరం లేదు. అడ్డం అంశాన్ని a, నిలువు అంశాన్ని b అందాం. a² + b² = u², ఇది మారదు. a, b ల లబ్ధం ఎప్పుడు అత్యధికం? (a − b)² ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు కాబట్టి 2ab ఎప్పుడూ u² ని దాటదు. a, b సమానమైనప్పుడే దాన్ని అందుకుంటుంది. రెండు అంశాలు సమానం అంటే 45°. అప్పుడు దూరం u²/g.

ఫిరంగి 45° దగ్గర అత్యధిక దూరం కొడుతుందని ఇటలీలో టార్టాగ్లియా 1537లోనే ప్రకటించాడు. ఎందుకన్నది గెలీలియో 1638లో పరావలయం ఆధారంగా నిరూపించాడు. 45° కంటే ఎంత ఎక్కువ ఎత్తినా, అంతే తక్కువ దించినా దూరం ఒకటేనన్న సంగతి కూడా ఆయన నిరూపణల్లోనే ఉంది. ఇలా చూస్తే పూరక కోణాల నియమం, గరిష్ఠ కోణం వేర్వేరు విషయాలు కావు. కోణానికీ దూరానికీ గీసిన వక్రం 45° కి రెండు పక్కలా ఒకేలా ఉంటే దాని శిఖరం సరిగ్గా మధ్యలో ఉండక తప్పదు.

ల్యాబులో దీనికి ఒక ముఖ్యమైన ఫలితం ఉంది. శిఖరం దగ్గర వక్రం దాదాపు చదునుగా ఉంటుంది. 43° దగ్గరా 47° దగ్గరా దూరం గరిష్ఠం కంటే 3 మిల్లీమీటర్లే తక్కువ. గోళీ గుర్తులే అంతకంటే ఎక్కువ చెదురుతాయి. కాబట్టి 43, 44, 45, 46 అంటూ కాలుస్తూ ఏది ఎక్కువో చూసి గరిష్ఠ కోణం తేల్చడం కుదరదు. 30° దగ్గర మాత్రం ఒక్క డిగ్రీ మారితే దూరం 2.2 సెంటీమీటర్లు మారుతుంది, 15° దగ్గర 3.8 సెంటీమీటర్లు. కోణాన్ని పట్టుకోవాలంటే వాలు ఎక్కువగా ఉన్న చోట కొలవాలి. ఒక పక్క 30° దగ్గర వచ్చిన దూరాన్ని తీసుకుని, రెండో పక్క అదే దూరం ఇచ్చే కోణం ఏదో వెతికితే, ఆ రెండింటి సగటు శిఖరానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ లాంచర్‌తో అలా చేస్తే 103.1 సెంటీమీటర్లు ఇచ్చే రెండో కోణం 60° కాదు, దాదాపు 58.1°. సగటు దాదాపు 44°. అంటే ఈ పరికరానికి శిఖరమే ఒక డిగ్రీ కిందికి జరిగింది.

ముగ్గురు అనుమానితులు

పై షరతుల్లో ఏది చెడినా చిన్న కోణం గోళీ ముందు పడేలా చేయగలదు. చిక్కంతా అక్కడే. 30°, 60° జంటను మాత్రమే చూస్తే మూడింటినీ విడదీయలేం.

మట్టం. పలక గొట్టం మూతి కంటే 2 సెంటీమీటర్లు కిందికి ఉందనుకోండి. 30° గోళీ ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఆ 2 సెంటీమీటర్లు దిగేలోగా ఇంకో 3.4 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. 60° గోళీ నిటారుగా దిగుతుంది, 1.1 సెంటీమీటర్లే పోతుంది. జంటలో తేడా 2.2 సెంటీమీటర్లు. 15°, 75° జంటలో ఇదే తేడా 6.2 సెంటీమీటర్లకు పెరుగుతుంది, ఎందుకంటే 15° గోళీ దాదాపు నేలను రాసుకుంటూ వస్తుంది.

కోణం. కోణమానిని ఒక డిగ్రీ తక్కువ చూపిస్తోందనుకోండి. మనం 30° అనుకున్నది 31°, 60° అనుకున్నది 61°. రెండూ కలిస్తే 92°. దూరాలు 110.4, 106.0. తేడా 4.4 సెంటీమీటర్లు. 15°, 75° జంటలో తేడా 7.6 సెంటీమీటర్లు.

వేగం. గొట్టాన్ని పైకి ఎత్తినప్పుడు స్ప్రింగ్ గోళీని తోయడమే కాదు, ఎత్తాలి కూడా. ప్లంజర్ 6 సెంటీమీటర్లు కదులుతుంది కాబట్టి θ కోణంలో ఆ ఎత్తు 6 sin θ సెంటీమీటర్లు. ప్లంజర్ కూడా గోళీతో పాటే లేస్తుంది కనుక, శక్తి లెక్క వేస్తే u² = u₀² − 2gs sin θ అని వస్తుంది. ఇక్కడ u₀ అడ్డంగా కాల్చినప్పటి వేగం, s ప్లంజర్ ప్రయాణం. ఈ లాంచర్‌లో 0° దగ్గర 3.50గా ఉన్న వేగం 30° దగ్గర 3.41, 60° దగ్గర 3.35 అవుతుంది. చూడటానికి స్వల్పమే, కానీ దూరం వేగం వర్గంతో మారుతుంది. జంటలో తేడా 3.8 సెంటీమీటర్లు. 15°, 75° జంటలో 4.2.

ఇప్పుడు ఒక్కో కారణానికి రెండు జంటల తేడాల నిష్పత్తి చూడండి. మట్టం చెడితే 15°, 75° తేడా 30°, 60° తేడాకు దాదాపు 2.8 రెట్లు. కోణం చెడితే 1.7 రెట్లు. వేగం మారితే 1.1 రెట్లు. తేడా ఎంత అన్నది దోషం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి మారుతుంది. కానీ ఈ నిష్పత్తి దోషం పరిమాణం మీద పెద్దగా ఆధారపడదు, దాని రకం మీద ఆధారపడుతుంది. మన పట్టికలో 4.2 / 3.8, అంటే 1.1. సగటుల్లో మూడేసి మిల్లీమీటర్ల అనిశ్చితి ఉందనుకున్నా ఈ నిష్పత్తి 1.5 దాటదు. 1.7 దాకా పోదు. వేలు వేగం వైపే చూపిస్తోంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రెండు దోషాలు కలిసి ఉంటే నిష్పత్తి మధ్యలో ఎక్కడో పడుతుంది, లేదా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పలక కాస్త ఎత్తుగా ఉంటే పెద్ద కోణానికి లాభం. అది వేగం వల్ల వచ్చే నష్టాన్ని 30°, 60° జంటలో సరిగ్గా పూడ్చేయవచ్చు కూడా. అప్పుడు 30°, 60° ఒకే చోట పడి "ప్రయోగం విజయవంతం" అనిపిస్తుంది, కానీ 15°, 75° తిరగబడి 75° గుర్తు ముందుంటుంది. ఒక్క జంట కుదిరిందని సంతోషపడకుండా రెండో జంట కూడా కాల్చాలనడం అందుకే.

కారణం ఖరారు చేయడం

నిష్పత్తి సూచన మాత్రమే ఇస్తుంది. మిగతా ఇద్దరు అనుమానితులను చేతులతో పరీక్షించి తప్పించాలి.

మట్టం దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు గొట్టం మధ్య భాగాన్ని పలక పైభాగంతో సమం చేయడం. గోళీ పలకను తాకేటప్పుడు దాని కేంద్రం పలకకు 8 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. కాబట్టి సమం కావలసింది మూతి దగ్గర గోళీ అడుగు భాగం, పలక పైభాగం. గోళీని మూతి దగ్గర ఆనించి, దాని అడుగు నుంచి పలక మీదికి పొడవాటి స్కేలు పెట్టి రసమట్టంతో చూస్తే చాలు. దూరం మీటరు దాటితే తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టం ఇంకా నమ్మకమైనది. పలక తనంతట తాను వాలి ఉండకూడదు. అర డిగ్రీ వాలితే మీటరున్నర పొడవున సెంటీమీటరుకు పైగా ఎత్తు మారిపోతుంది.

కోణాన్ని బట్టి మూతి ఎత్తు మారుతోందా అన్నది కూడా చూడాలి. కొన్ని లాంచర్లు మూతి దగ్గరే తిరిగేలా చేస్తారు, వాటితో ఈ సమస్య లేదు. ఇరుసు వెనక ఉన్న వాటిలో, ఇరుసు నుంచి మూతికి 12 సెంటీమీటర్లుంటే, 30° దగ్గర మూతి 6 సెంటీమీటర్లు, 60° దగ్గర 10.4 సెంటీమీటర్లు లేస్తుంది. ప్రతి కోణానికీ పలక ఎత్తు మార్చాలి. మూతి అడ్డంగా కూడా జరుగుతుంది కాబట్టి దూరాన్ని స్టాండు కాలి నుంచి కాకుండా మూతి నుంచి దారం వేలాడదీసి, అది తాకిన చోట నుంచి కొలవాలి. స్టాండు నుంచి కొలిస్తే ఈ కారణంగానే జంటలో 4.4 సెంటీమీటర్ల తేడా వచ్చిపడుతుంది, చిన్న కోణానికి అనుకూలంగా.

కోణమానిని పరీక్ష తేలిక. గొట్టాన్ని రసమట్టంతో అడ్డంగా పెట్టి దారం 0° మీద పడుతోందో లేదో చూడండి. తర్వాత గొట్టానికి ఒక గుండు ఆనించి నిటారుగా నిలిపితే 90° రావాలి. రెండు చోట్లా ఒకే తేడా వస్తే దాన్ని ప్రతి కొలతలోనూ కలిపేయవచ్చు. ట్రిగ్గర్ తాడును పక్కకు లాగితే బిగింపు వదులుగా ఉన్న లాంచర్ అర డిగ్రీ కదులుతుంది. తాడును గొట్టానికి లంబంగా, ఒకే ఊపుతో లాగాలి. కాల్చిన తర్వాత దారం మళ్లీ చూస్తే కదిలిందో లేదో తెలుస్తుంది.

ఈ లాంచర్‌లో పలక మట్టం, కోణమానిని రెండూ సరిగ్గా ఉన్నాయనుకుంటే వేగం ఒక్కటే మిగులుతుంది. దాన్ని నేరుగా పట్టుకునే మార్గం ఒక గ్రాఫు. R = (u²/g) sin 2θ లో u² స్థానంలో పై సమీకరణం పెడితే

```
R / sin 2θ = u₀²/g − 2s sin θ
```

అని వస్తుంది. అడ్డంగా sin θ, నిలువుగా R / sin 2θ గీస్తే సరళరేఖ రావాలి. వేగం కోణంతో మారకపోతే ఆ రేఖ అడ్డంగా ఉంటుంది. మారితే కిందికి వాలుతుంది, ఆ వాలు ప్లంజర్ ప్రయాణానికి సరిగ్గా రెట్టింపు.

పట్టికలోని దూరాలను sin 2θ తో భాగిస్తే వరసగా 121.8, 119.1, 116.5, 114.7, 113.4 సెంటీమీటర్లు. sin θ విలువలు 0.259, 0.5, 0.707, 0.866, 0.966. మొదటి, చివరి బిందువుల మధ్య 8.4 సెంటీమీటర్లు తగ్గాయి, sin θ లో తేడా 0.707. వాలు 11.9 సెంటీమీటర్లు, దాన్లో సగం 5.9. స్కేలు పెట్టి కొలిస్తే ప్లంజర్ ప్రయాణం 6 సెంటీమీటర్లు. గోళీ పడిన చోట్ల నుంచి లాంచర్ లోపలి కొలత బయటికి వచ్చింది. రేఖను వెనక్కి sin θ = 0 దాకా పొడిగిస్తే 124.9 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. దాని నుంచి వేగం 3.50 మీటర్లు, బల్ల మీది నుంచి అడ్డంగా కాల్చి తెచ్చిన విలువే. వేరే అనుమానానికి చోటు లేదు.

రేఖ రాకుండా వంకర వస్తే, వేగం ఒక్కటే కారణం కాదన్నమాట. ముఖ్యంగా 15° బిందువు ఒక్కటే రేఖకు బాగా పైన ఉంటే పలక కిందికి ఉందని అర్థం.

గుర్తులు చదవడం

చెప్పుకోవలసినవి రెండే. 15° దగ్గర గోళీ తాకి మళ్లీ లేచి దూకుతుంది, కాగితం మీద రెండు మూడు గుర్తులు పడతాయి. మూతికి అతి దగ్గరగా ఉన్నదే మొదటి గుర్తు, అది పొడుగ్గా ఉంటుంది. గోళీ వచ్చిన వైపు కొస నుంచి కొలవాలి. ప్రతి కోణానికీ అయిదారు షాట్లు కాల్చి, ప్రతి గుర్తు పక్కనా వరస సంఖ్య వేసుకోవాలి. గుర్తుల గుంపు సెంటీమీటరుకు మించి విస్తరిస్తే ముందుకు పోవద్దు. ప్లంజర్ పూర్తిగా లాక్ కాకపోవడమో, గొట్టంలో దుమ్మో, క్లాంపు వదులో ఉంటుంది. మొదటి ఒకటి రెండు షాట్లు లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

గరిష్ఠం ఎక్కడ, ఏం చేయవచ్చు

ఈ లాంచర్‌కు గరిష్ఠ దూరం ఇచ్చే కోణం 45° కాదు, 44° దగ్గర. ఎక్కువ ఎత్తిన కొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి శిఖరం కిందికి జరిగింది. అయినా 44° దగ్గరా 45° దగ్గరా వచ్చే దూరాల్లో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. సూత్రం తప్పలేదు. సూత్రం అడిగిన సమాన వేగాన్ని పరికరం ఇవ్వలేదు. ప్లంజర్ ప్రయాణం మారకుండా స్ప్రింగ్‌ను మాత్రం గట్టిది చేస్తే తేడా పోతుందనుకోవడం సగం నిజం. 30°, 60° తేడా 2s sin 60° (sin 60° − sin 30°). అందులో u లేదు, s మాత్రమే ఉంది. వేగం ఎంత పెంచినా ఆ 3.8 సెంటీమీటర్లు అలాగే ఉంటాయి, మొత్తం దూరం పెరిగి శాతం తగ్గుతుంది. సెంటీమీటర్లే తగ్గాలంటే ప్లంజర్ ప్రయాణం చిన్నదిగా, స్ప్రింగ్ గట్టిగా ఉండాలి.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల లెక్కల్లో తరచూ వచ్చే R = ½ g t₁ t₂ అన్న సంబంధానికీ ఇదే షరతు. రెండు పూరక కోణాల్లో గాల్లో ఉన్న కాలాల లబ్ధం నుంచి దూరం వస్తుంది. 0.5 × 9.8 × 0.357 × 0.619 = 1.08. కానీ రెండు షాట్లకూ వేగం ఒకటైనప్పుడే. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో స్లో మోషన్ వీడియో తీస్తే ఈ కాలాలను ఫ్రేములు లెక్కపెట్టి తీయవచ్చు. 30° షాట్‌కు దాదాపు 84 ఫ్రేములు వస్తాయి, వేగం తగ్గకపోతే 86 రావాలి. స్టాప్‌వాచ్ మాత్రం వద్దు, చేతి ఆలస్యమే ఈ కాలంలో సగం ఉంటుంది.

సమానత్వాన్ని కళ్లకు కట్టినట్టు చూపించడమే లక్ష్యమైతే స్ప్రింగ్‌ను వదిలేసి నీటి ధార వాడటం మేలు. ధార వేగం తొట్టిలో నీటి మట్టం నాజిల్‌కు ఎంత పైన ఉందన్న దాని మీద ఆధారపడుతుంది, నాజిల్ ఏ వైపు తిరిగిందన్న దాని మీద కాదు. మట్టం 62.5 సెంటీమీటర్ల పైన ఉంటే వేగం √(2 × 9.8 × 0.625), అంటే మళ్లీ 3.5 మీటర్లే. గరిష్ఠ దూరం ఆ ఎత్తుకు రెట్టింపు, 1.25 మీటర్లు. రాపిడి వల్ల అసలు వేగం కొద్దిగా తక్కువుంటుంది, కానీ అన్ని కోణాలకూ ఒకేలా తక్కువుంటుంది కాబట్టి జంటలు చెడవు. మూడు జాగ్రత్తలు చాలు. తొట్టిలో నీళ్లు తగ్గుతూ పోకుండా పైన కుళాయి తెరిచి ఉంచి, అదనపు నీళ్లు పొర్లిపోయే గొట్టం పెట్టాలి. నాజిల్ రంధ్రం 3, 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే ధార చుక్కలుగా విడిపోయి గాలికి నెమ్మదిస్తుంది. నాజిల్‌ను తిప్పేటప్పుడు రబ్బరు గొట్టం మడత పడకూడదు. మడత పడితే ప్రవాహం తగ్గి, 75° ధార పడాల్సిన చోటుకు చాలా ముందే పడుతుంది.